ఒకటిన్నర టీస్పూన్ అంటే ఎన్ని ఎంఎల్? పిల్లల సిరప్ సరిగ్గా కొలవడం

ప్రశ్న: పాపకి రెండేళ్లు, బరువు 12 కిలోలు. జ్వరం వస్తే పారాసెటమాల్ సిరప్ "ఒకటిన్నర టీస్పూన్" వెయ్యమని డాక్టర్ చీటీలో రాశారు. సీసాతో వచ్చిన కప్పు మీద ఎంఎల్ గీతలే ఉన్నాయి. ఎన్ని ఎంఎల్ పొయ్యాలి? టేబుల్‌స్పూన్ అని ఉంటే ఎంత? మా అత్తగారు వంటింట్లో చిన్న చెంచాతో వేస్తే చాలంటున్నారు, పరవాలేదా? బాబుకి ఏడేళ్లు, వాడి పారాసెటమాల్ సీసా కూడా ఇంట్లో ఉంది. అది పాపకి వాడొచ్చా?

జవాబు: మందుల లెక్కలో ఒక టీస్పూన్ అంటే 5 ఎంఎల్. కాబట్టి ఒకటిన్నర టీస్పూన్ 7.5 ఎంఎల్. టేబుల్‌స్పూన్ అంటే మూడు టీస్పూన్లు, 15 ఎంఎల్. వంటింటి చెంచా వద్దు. బాబు సీసాలోంచి అదే 7.5 ఎంఎల్ మాత్రం అస్సలు పొయ్యకండి, కారణం కింద చెప్తాను. పాప సీసా నుంచి పోసే ముందు కూడా దాని మీద "ప్రతి 5 ఎంఎల్‌లో ఎన్ని ఎంజీ" అని రాసి ఉందో చూడండి. 120 గానీ 125 గానీ ఉంటే 7.5 సరైనదే. ఇంకే అంకె ఉన్నా ఆగి, డాక్టర్‌కో ఫార్మసిస్ట్‌కో ఆ అంకె చదివి వినిపించండి.

నేను ఫార్మసిస్ట్‌ని, చాలా ఏళ్లుగా పిల్లల వార్డుకు మందులు ఇచ్చే పని చేస్తున్నాను. చెంచాల లెక్క దగ్గర తల్లిదండ్రులు ఎక్కడ తడబడతారో దగ్గరగా చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు చెంచా సంగతి. టీస్పూన్ అన్నది పేరుకు కొలతే గానీ, ఇంట్లో వాడే చెంచాలు తయారుచేసేవాళ్లు ఆ కొలత ప్రకారం చెయ్యాలన్న నియమం ఏదీ లేదు. చేతికి అందంగా, నోటికి వీలుగా ఉండేలా చేస్తారు. 2010లో గ్రీసులోని అట్టికా ప్రాంతంలో ఇళ్లలో వాడే చెంచాలు తెప్పించి కొలిచి చూస్తే, టీస్పూన్ అనుకున్నవాటిలో ఒకటి 2.5 ఎంఎల్ పట్టింది, ఇంకొకటి 7.3 ఎంఎల్ పట్టింది. అంటే దాదాపు మూడు రెట్ల తేడా. మీ ఇంట్లో కూడా చూడొచ్చు. సూది లేని సిరంజితో సరిగ్గా 5 ఎంఎల్ నీళ్లు తీసి ఒక్కో చెంచాలో పోసి చూడండి. ఒకటి నిండకుండానే నీళ్లు అయిపోతాయి, ఇంకొకటి పొంగి కారిపోతుంది.

ఒకవేళ మీ చెంచా సరిగ్గా 5 ఎంఎల్ పట్టిందనుకున్నా, దానితో మందు పొయ్యమని నేను చెప్పను. సిరప్ చిక్కగా ఉంటుంది. అంచు దాటి పైకి ఉబ్బి నిలబడగలదు, కాబట్టి అంచు వరకు అన్నది ఎక్కడో తెలీదు. పాప తల తిప్పితే కొంత ఒలుకుతుంది, తాగాక కొంత చెంచాకే అంటుకుని ఉండిపోతుంది. పైగా "ఒకటిన్నర"లో ఆ అర ఎలా కొలుస్తారు? గుంటగా ఉండే చెంచాలో సగం లోతు వరకు పోస్తే సగం మందు రాదు, ఎందుకంటే అడుగున ఇరుకు, పైన వెడల్పు. సగం లోతు దగ్గర ఉండేది సగం కంటే బాగా తక్కువ.

అత్తగారికి చెప్పేటప్పుడు ఇదొక్కటి గుర్తుచెయ్యండి. పెద్దవాళ్లు చెంచాతో వేసుకుంటే ఒకటి రెండు ఎంఎల్ అటూఇటూ అయినా అంతగా తెలియదు. 12 కిలోల పాపకి అదే తేడా మోతాదులో పెద్ద భాగం అవుతుంది. ఆవిడ చెంచాతోనే ఇవ్వాలనుకుంటే ఒక మార్గం ఉంది. ముందు సిరంజితో కొలిచి చెంచాలో పోసి తాగించమనండి. చివర్లో చెంచాకి అంటుకున్నది కాసిని నీళ్లతో కడిగి అదీ తాగించాలి. అప్పుడు చెంచా తాగించడానికే గానీ కొలవడానికి కాదు.

కొందరు వంటింటి తూకంలో 5 గ్రాములు పెట్టి 5 ఎంఎల్ అనుకుంటారు. అది నీళ్లకు సరిపోతుంది. సిరప్ నీళ్ల కంటే బరువు, 5 ఎంఎల్ సిరప్ 5 గ్రాముల కంటే ఎక్కువే తూగుతుంది. తూకాన్ని నమ్మితే మందు తగ్గిపోతుంది.

ఇక టీస్పూన్, టేబుల్‌స్పూన్ గందరగోళం. ఇంగ్లీషులో రెండింటికీ పొట్టి రాతలు ఉన్నాయి, ఒక్క అక్షరమే తేడా. టి, ఎస్, పి ఉంటే టీస్పూన్. ఆ టి తర్వాత బి చేరితే టేబుల్‌స్పూన్. కొందరు చిన్న టి రాస్తే టీస్పూన్ అని, పెద్ద టి రాస్తే టేబుల్‌స్పూన్ అని వాడతారు. చేతిరాతలో చిన్న టి ఏదో, పెద్ద టి ఏదో చెప్పడం ఎంత కష్టమో చీటీలు చూసినవాళ్లకు తెలుసు. ఇక్కడ తప్పు చదివితే మందు మూడు రెట్లు అవుతుంది, లేదా మూడో వంతుకు పడిపోతుంది. మీ పాప విషయంలో 7.5 బదులు 22.5 ఎంఎల్ వెళ్తుంది. రెండేళ్ల పాపకి ఒక్కసారికి 22.5 ఎంఎల్ సిరప్ అంటే చూడగానే ఎక్కువనిపించాలి. చిన్నపిల్లలకు ద్రవ మందులు మామూలుగా ఒక్కసారికి 10 ఎంఎల్ లోపే ఉంటాయి, కాబట్టి రెండేళ్ల బిడ్డ చీటీలో టేబుల్‌స్పూన్ అన్న మాట కనిపిస్తే, అది పొరపాటేమోనని ముందు అనుమానించి ఫోన్ చేసి అడగండి.

పైగా టేబుల్‌స్పూన్ కొలత అన్ని చోట్లా ఒకటి కాదు. ఎక్కువ దేశాల్లో 15 ఎంఎల్ అనుకుంటారు, ఆస్ట్రేలియాలో మాత్రం టేబుల్‌స్పూన్ అంటే 20 ఎంఎల్. అమెరికాలో వంటకు వాడే కొలత టీస్పూన్ ఖచ్చితంగా అయితే 4.93 ఎంఎల్, మందులకు దాన్ని 5గానే తీసుకుంటారు. ఆ చిన్న తేడాకి టెన్షన్ పడక్కర్లేదు. టీస్పూన్‌కి 5 అన్న లెక్క మందుల్లో అంతటా చెల్లుతుంది.

ఇదిగో, నేను ఎక్కువగా చూసే తప్పు ఇది. చీటీలో "అర టీస్పూన్" అని ఉంటుంది. చదివినవాళ్లకు "అర" అన్నది బుర్రలో నిలిచిపోతుంది, సిరంజి మీద 0.5 గీత కనిపిస్తుంది, అక్కడి వరకు లాగుతారు. అర టీస్పూన్ అంటే 2.5 ఎంఎల్, 0.5 ఎంఎల్ కాదు. బిడ్డకి అయిదో వంతు మందే వెళ్తుంది, జ్వరం తగ్గదు, "ఈ మందు పనిచెయ్యట్లేదు" అంటూ ఇంకో మందు కోసం వస్తారు. తిరగబడినప్పుడు ఇంకా ప్రమాదం. చీటీలో 0.5 ఎంఎల్ అని ఉంటే "అర" అని చదివి అర టీస్పూన్ పోస్తారు. అప్పుడు అయిదు రెట్లు వెళ్తుంది. చుక్కల మందులకు ఇది ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే వాటి మోతాదు మామూలుగా చాలా తక్కువ ఎంఎల్‌లోనే ఉంటుంది. అందుకే నోటితో చెప్పుకునేటప్పుడు "అర" అని వదిలెయ్యకండి. "రెండున్నర ఎంఎల్" అనండి, లేదా "సున్నా పాయింట్ అయిదు ఎంఎల్" అనండి. పావు టీస్పూన్ 1.25 ఎంఎల్, ముప్పావు టీస్పూన్ 3.75 ఎంఎల్. కాగితం మీద రాసుకునేటప్పుడు కూడా దశాంశ బిందువు ముందు సున్నా తప్పకుండా పెట్టండి. చుక్క కనపడకపోతే .5 చూడ్డానికి 5 అయిపోతుంది, అప్పుడు పది రెట్లు.

ఇప్పుడు మీ బాబు సీసా సంగతికి వస్తాను. ఎంఎల్ అన్నది ఎంత ద్రవం అని చెప్తుంది గానీ, అందులో ఎంత మందు ఉందో చెప్పదు. మందు బరువు ఎంజీల్లో ఉంటుంది. ఒకే పారాసెటమాల్ చాలా గాఢతల్లో వస్తుంది. పిల్లల సిరప్‌లో 5 ఎంఎల్‌కి 120 లేదా 125 ఎంజీ, కాస్త పెద్ద పిల్లల సిరప్‌లో 5 ఎంఎల్‌కి 250 ఎంజీ, పసిపిల్లల చుక్కల మందులో 1 ఎంఎల్‌కే 100 ఎంజీ, ఇలా. కొన్ని దేశాల్లో 5 ఎంఎల్‌కి 160 ఎంజీ కూడా ఉంటుంది. సీసా మీద పిల్లల బొమ్మ ఒకేలా ఉండొచ్చు, రంగూ వాసనా కూడా ఒకేలా ఉండొచ్చు. తేడా ఆ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది.

మీ పాప లెక్క వేసి చూపిస్తాను. పారాసెటమాల్ ఒక్కసారికి కిలో బరువుకు 10 నుంచి 15 ఎంజీ ఇస్తారు. 12 కిలోలకు అది 120 నుంచి 180 ఎంజీ. మీ డాక్టర్ చెప్పిన ఒకటిన్నర టీస్పూన్, 5 ఎంఎల్‌కి 120 ఎంజీ ఉన్న సిరప్ అయితే ఇలా వస్తుంది.

7.5 ÷ 5 × 120 = 180 ఎంజీ

పై అంచుకు సరిగ్గా సరిపోయింది. కాబట్టి డాక్టర్ మనసులో ఉన్నది ఈ సిరప్పే అనుకోవచ్చు. 125 ఎంజీ సిరప్ అయితే 187.5 వస్తుంది, ఆ కాస్త తేడా పట్టించుకునేది కాదు. బాబు సీసా పెద్ద పిల్లలది, అంటే 5 ఎంఎల్‌కి 250 ఎంజీ ఉన్నదైతే, అదే 7.5 ఎంఎల్ దాంట్లోంచి పోస్తే 375 ఎంజీ అవుతుంది. కిలోకు 31 ఎంజీ, అంటే ఉండాల్సినదానికి రెట్టింపు. చుక్కల మందు నుంచి 7.5 ఎంఎల్ పోస్తే 750 ఎంజీ, కిలోకు 62 దాటుతుంది. చెంచా లెక్క ప్రకారం మూడూ "ఒకటిన్నర టీస్పూన్" అనే అంటాం. బిడ్డ ఒంట్లోకి వెళ్లేది మాత్రం ఒకటి మోతాదు, ఒకటి రెట్టింపు, ఇంకోటి నాలుగు రెట్లు.

ఏ రాత్రో పాప సిరప్ అయిపోయి, ఇంట్లో 250 ఎంజీ సీసానే మిగిలితే, అందులో 180 ఎంజీ కావాలంటే ఎంత తియ్యాలో ఇదే లెక్కని తిరగేసి చూడొచ్చు.

180 ÷ 250 × 5 = 3.6 ఎంఎల్

అయినా ఈ లెక్క మీకు మీరే వేసుకుని పొయ్యమని చెప్పట్లేదు. లెక్క వేసుకుని, డాక్టర్‌కో ఫార్మసిస్ట్‌కో ఫోన్ చేసి "ఈ గాఢత సీసా ఉంది, 3.6 ఎంఎల్ సరైనదేనా" అని అడగండి. అలా అడిగితే వాళ్లకు అరనిమిషం పని. "ఈ సిరప్ ఎంత వెయ్యాలి" అని మాత్రమే అడిగితే, వాళ్లు ఏ సిరప్ అనుకుని జవాబు చెప్తారో మీకు తెలీదు.

ఇక కొలిచే సాధనం. సీసాతో వచ్చే కప్పు అన్నింటికీ సరిపోతుందనుకోవద్దు. 10, 15 ఎంఎల్‌కి పరవాలేదు గానీ, 2.5 లాంటి చిన్న కొలతలకు కప్పు మంచిది కాదు, ఎందుకంటే వెడల్పు ఎక్కువ కాబట్టి గీత కాస్త దాటినా మందు బాగా పెరుగుతుంది. ఇంకో మందు సీసా కప్పు తెచ్చి దీనికి వాడకండి, గీతలు వేరుగా ఉంటాయి. కప్పే వాడాల్సి వస్తే చేత్తో పట్టుకుని పైనుంచి చూడకండి. బల్ల మీద పెట్టి, మీరే వంగి, గీత మీ కళ్లకు ఎదురుగా వచ్చేలా చూడండి. ద్రవం అంచుల దగ్గర పైకి లేచి మధ్యలో కిందికి దిగి కనిపిస్తుంది. ఆ మధ్యభాగం గీతకు ఆనాలి.

నాకు నమ్మకమైనది నోటి సిరంజి. సూది లేనిది, ఫార్మసీలో అడిగితే ఇస్తారు. ఇంజెక్షన్ సిరంజి తెచ్చుకుంటే దాని కొసకు ఒక చిన్న మూత ఉంటుంది. దాన్ని తీసి వెంటనే పారెయ్యండి. మర్చిపోయి అలాగే నోట్లోకి నొక్కితే అది ఊడి గొంతులో పడే ప్రమాదం ఉంది.

మీకు 7.5 ఎంఎల్ కావాలి కాబట్టి 10 ఎంఎల్ సిరంజి ఉంటే ఒక్కసారే తియ్యొచ్చు. 5 ఎంఎల్ సిరంజి ఉంటే రెండుసార్లు, ముందు 5, తర్వాత 2.5. 5 ఎంఎల్ సిరంజి మీద చిన్న గీతలు సాధారణంగా 0.2 చొప్పున ఉంటాయి, కాబట్టి 2.5 అన్నది 2.4, 2.6 గీతలకు సరిగ్గా మధ్యలో వస్తుంది. అక్కడ ఆపితే చాలు. సీసాని ముందు బాగా ఊపండి. కొన్ని ద్రవ మందుల్లో పొడి అడుగుకి చేరుతుంది. ఊపకుండా వాడితే మొదటి రోజుల్లో పలచగా, చివర్లో గాఢంగా వెళ్తుంది. కొలత సరిగ్గా ఉన్నా మోతాదు తప్పుతుంది.

సిరంజి కొన మందులో ముంచి, కావాల్సినదానికంటే కాస్త ఎక్కువ లాగండి. కొన పైకి ఉండేలా పట్టి వేలితో తట్టితే గాలి బుడగ పైకి వస్తుంది. దాన్ని బయటికి నెట్టి, ఎక్కువైన మందుని సీసాలోకి తోసి గీత దగ్గర ఆపండి. బుడగ ఉన్నంత మేరా మందు తగ్గినట్టే. చదవాల్సింది లోపలి నల్లటి రబ్బరు పైభాగాన్ని, అంటే కొసకు దగ్గరగా ఉన్న దాని గుండ్రటి అంచుని. కొన్ని సిరంజిల్లో రబ్బరు మధ్యలో మొనలా ఉంటుంది. ఆ మొన కాదు, గోడకి ఆనిన అంచు గీత మీదికి రావాలి. పాపని కూర్చోబెట్టి, చెంప లోపలి వైపు కొద్దికొద్దిగా వదలండి. నేరుగా గొంతులోకి కొడితే పొరమారుతుంది.

ఒక విషయం మీకు వింతగా ఉండొచ్చు. చెంచాల కొలత అంత గందరగోళమని తెలిసీ ఇంకా చీటీల్లో ఎందుకు రాస్తారు? అలవాటు, అంతే. 2015లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం పిల్లల ద్రవ మందుల మోతాదు ఎంఎల్‌ల్లోనే రాయాలని, టీస్పూన్, టేబుల్‌స్పూన్ మాటలు వాడొద్దని ప్రకటించింది. కొందరు డాక్టర్లు ఇంకా పాత పద్ధతిలోనే రాస్తున్నారు. మీరు మొహమాటపడకుండా "ఎంఎల్‌లో రాయండి డాక్టర్ గారూ" అని అడగండి. ఏ డాక్టరూ తప్పుగా అనుకోరు. మందు తెచ్చుకున్నాక ఒక చిన్న కాగితం మీద "7.5 ఎంఎల్, 5 ఎంఎల్‌కి 120 ఎంజీ" అని రాసి సీసాకి అంటించండి. ఎన్ని గంటలకు ఇచ్చారో కూడా అక్కడే రాయండి. పారాసెటమాల్‌కి మోతాదుకి మోతాదుకి మధ్య కనీసం 4 గంటలు ఉండాలి, డాక్టర్ ఎక్కువ విరామం చెప్తే అదే పాటించండి. అమ్మ ఒకసారి వేసి, తెలీక నాయనమ్మ ఇంకోసారి వేస్తే, కొలత ఎంత సరిగ్గా ఉన్నా మోతాదు రెట్టింపు అవుతుంది.

ఒకవేళ ఎక్కువ వెళ్లిపోయిందని తెలిస్తే, పాప బాగానే ఉందని ఆగకండి. పారాసెటమాల్ ఎక్కువైతే దెబ్బ తగిలేది కాలేయానికి, కానీ మొదటి రోజు బిడ్డ మామూలుగానే కనిపించొచ్చు. లక్షణాలు కనిపించే వేళకు చికిత్సకు మంచి సమయం దాటిపోతుంది. వెంటనే డాక్టర్‌కి గానీ విషనివారణ కేంద్రానికి గానీ ఫోన్ చెయ్యండి. వాంతి చేయించే ప్రయత్నాలు మాత్రం చెయ్యొద్దు. ఒక్కసారి జరిగిన పొరపాటు కంటే, అదే తప్పు కొలతతో రెండు మూడు రోజులు వేసినప్పుడు ఇంకా ఎక్కువ జాగ్రత్త పడాలి, ఆ విషయం స్పష్టంగా చెప్పండి. ఫోన్‌లో వాళ్లు అడిగేది నాలుగు వివరాలు. పాప బరువు, సీసా మీది గాఢత, ఎన్ని ఎంఎల్ ఎన్నిసార్లు వెళ్లింది, చివరిది ఎన్ని గంటలకు. సీసా చేతిలో పట్టుకుని ఫోన్ చెయ్యండి, ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ఆ సీసానే వెంట తీసుకెళ్లండి.